పగలే చీకటి పడిన కారు

ఆ వీధిలో ఆయన్ని అందరూ అద్దాల డాక్టరు అంటారు. నిజానికి ఆయన డాక్టరు కాడు, కళ్ళజోళ్ళ షాపు ఆయనది. పవరు చూసే మెషీను ఒకటి, గోడకి అక్షరాల చార్టు ఒకటి, గాజు బీరువాల నిండా ఫ్రేములు, మధ్యలో తిరిగే కుర్చీలో ఆయన. మొదట్లో ఎవరైనా డాక్టరుగారూ అని పిలిస్తే ఒకటి రెండుసార్లు మొహమాటపడి సర్దిచెప్పాడు. తర్వాత ఆ పిలుపు ఒంటికి పట్టింది. ఇప్పుడు ఏమయ్యా అని పిలిచినవాళ్ళకి పవరు ఒక మెట్టు ఎక్కువ రాస్తాడని గిట్టనివాళ్ళు చెప్పుకుంటారు.

లోకంలో ఉన్న కష్టాలన్నిటికీ మూలం ఎదుటివాడి కళ్ళలో ఉందని ఆయన గట్టి నమ్మకం. పక్కింటి కుర్రాడు పరీక్ష తప్పితే దగ్గరి చూపు సరిగ్గా లేదన్నాడు. పై వాటాలో మొగుడూ పెళ్ళాలు కొట్లాడుకుంటే, ఇద్దరి పవర్లూ చూసి చాలా రోజులైందన్నాడు. బంధువుల పెళ్ళి ఆల్బం చేతికిస్తే ఒక్కొక్క పేజీ తిప్పుతూ ఎవరి ఎడమ కన్ను ఎటు లాగుతోందో చెప్పి, ఆల్బం ఇచ్చినవాళ్ళు మళ్ళీ ఇంకేదీ చూపించకుండా చేశాడు. తన కళ్ళ విషయంలో మాత్రం ఆయనకి ఏ అనుమానమూ లేదు. ప్రతి నెలా షాపు మూసే ముందు కుర్చీలో కూర్చుని, ఒక కన్ను మూసుకుని, చార్టు పై వరస నుంచి అట్టడుగు వరస దాకా గడగడా చదివేస్తాడు. ఇన్నేళ్ళుగా ఆ చార్టు అక్కడే వేలాడుతోందనీ, దీపాలు ఆర్పేసి అడిగినా ఆయన దాన్ని అలాగే అప్పజెప్పగలడనీ ఆయనకి ఎప్పుడూ తట్టలేదు.

ఆయన భార్య పెద్దాసుపత్రిలో నర్సు. వార్డుకి పెద్ద ఆవిడే. పొద్దున ఆయన లేచి పేపరు పట్టుకునేసరికి ఆవిడ స్నానం చేసి చీర కట్టుకుని బయల్దేరుతుంది. సాయంత్రం డ్యూటీ దిగేసరికి చీకటి పడుతుంది. ఇంటికొచ్చాక వంట, బట్టలు, ఫోన్లు, మర్నాటి హడావుడి. కాబట్టి ఆసుపత్రి గేటు నుంచి ఇంటి దాకా కారులో వచ్చే ఆ కాసేపే వాళ్ళిద్దరి సంసారం. వార్డులో ఎవరు ఎవరి మీద అలిగారో, ఏ డాక్టరు ఎవరి మీద అరిచాడో ఆవిడ చెప్తుంది. షాపుకి ఎవరెవరు ఎలాంటి మొహాలేసుకొచ్చారో ఆయన చెప్తాడు. ఆ దారిలో మాట్లాడుకోనిది ఇంట్లో మాట్లాడుకోవడం వాళ్ళకి ఎప్పుడూ కుదరలేదు. పాత కారు డొక్కుదైనా ఆ పని బాగానే చేసిపెట్టింది.

తర్వాత కొత్త కారు వచ్చింది.

ఆ కారుని ఆయన ఎంచుకున్న పద్ధతి వేరు. ఇంజను గురించి అడగలేదు, బ్రేకుల గురించి అడగలేదు. డ్రైవరు సీట్లో కూర్చుని, ఎదురుగా నిలబెట్టిన స్క్రీనుకి ఈ చివర బొటనవేలు, ఆ చివర చిటికెనవేలు ఆనించి కొలవబోయాడు. జాన చాలలేదు. ఇదే కావాలన్నాడు. బండి అప్పజెప్పే రోజు షోరూం కుర్రవాడు పక్క సీట్లో కూర్చుని, ఏ మీట దేనికో, ఏ మెనూలో ఏముందో వరసగా చెప్తుంటే, ఆయన ప్రతి ముక్కకీ తెలుసు, తెలుసు అన్నాడు. ఆ కుర్రవాడు ఒక చోట నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, తాళాలు చేతికిచ్చేశాడు.

మొదటి వారమే కారుని తన షాపుకి అనుబంధ శాఖలాగా తయారుచేసుకున్నాడు. ఎండకి పెట్టుకునే నల్లజోడు, మామూలు జోడు, సాయంత్రానికి ఇంకొకటి, మూడింటికీ మూడు గట్టి పెట్టెలు. డ్యాష్‌బోర్డు మీద, ముందు అద్దం మొదట్లో, నల్లటి గుండీలాంటిది ఒకటి ఉబ్బెత్తుగా కనిపించింది. పెద్ద పెట్టెని దాని మీద బోర్లించి చూస్తే ఎంత మలుపు తిరిగినా కదలకుండా కూర్చుంది. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళ కష్టం తెలిసిన కంపెనీ అని మెచ్చుకున్నాడు. ఆ గుండీని పెట్టెలు జారకుండా ఉండటానికే పెట్టారని, షాపుకొచ్చిన ఇద్దరు ముగ్గురికి చూపించి మరీ చెప్పాడు.

అక్కడి నుంచి కారు తిక్కగా ప్రవర్తించడం మొదలుపెట్టింది. మిట్టమధ్యాహ్నం కూడా స్క్రీను నల్లబడి, మ్యాపు మసకమసగ్గా, ఎవరో దుప్పటి కప్పినట్టు కనిపించేది. స్పీడు చూపించే మీటర్లు కూడా కొడిగట్టిన దీపాల్లా ఉండేవి. ఇంత పెద్ద స్క్రీను కొనుక్కున్నది ఇలా కళ్ళు చిట్లించుకుని చూడటానికా అని ఆయనకి మండింది. షోరూంకి ఫోను చేశాడు. అవతల అమ్మాయి తొందరలో ఉంది, ఆయన అంతకన్నా తొందరలో ఉన్నాడు. సెట్టింగుల్లో డిస్‌ప్లేలోకి వెళ్ళి, ఆటో అని ఉన్నచోట డే అని పెట్టి, బ్రైట్‌నెస్ గీతని కుడివైపు జరపమంది. ఆయన జరిపాడు. స్క్రీను భగ్గుమని తెల్లబడింది. ఆ అమ్మాయి ఇంకేదో చెప్పబోతుంటే థాంక్సమ్మా అని పెట్టేశాడు. ఇది తాత్కాలికమేననీ, సాయంత్రానికి మళ్ళీ ఆటోలో పెట్టుకోవాలనీ, బండి ఒకసారి తెచ్చి చూపించమనీ ఆ అమ్మాయి చెప్పబోయిన మాటలు ఆ ఫోనులోనే మిగిలిపోయాయి. స్టీరింగు పక్కన మీటర్ల వెలుగు పెంచే చిన్న చక్రం కనిపిస్తే దాన్ని కూడా చివరికంటా తిప్పేసి, సమస్య తీరిపోయిందని చేతులు దులుపుకున్నాడు.

పగలు తీరింది నిజమే. చీకటి పడ్డాక అసలు కథ మొదలైంది.

దీపాల్లేని రోడ్డు మీద కారు లోపల ఆ తెల్ల మ్యాపు, పెట్రోలు బంకు ముందు వెలిగే బోర్డులా ఉండేది. దాని నీడ పక్క అద్దంలో ఒకటి, ముందు అద్దం కింది అంచున ఒకటి తేలేది. మొహం మీద అంత వెలుగు పడితే కంటిపాప కుంచించుకుపోతుంది, బయట చీకట్లో ఉన్నది దానికి అందదు, స్క్రీను మీంచి చూపు రోడ్డు మీదకి మళ్ళించాక మళ్ళీ సర్దుకోవడానికి కొంతసేపు పడుతుంది. వయసు మీదపడేకొద్దీ ఇంకాస్త ఎక్కువసేపు పడుతుంది. ఈ సంగతి ఆయనకి తెలియక కాదు. షాపులో ఎవరైనా ఫోను పట్టుకుని కూర్చుంటే ఇదే పాఠం చెప్తాడు. కాకపోతే ఆ పాఠం ఎదుటివాళ్ళ కళ్ళకి సంబంధించింది.

మొదటి వారంలోనే ఆవిడ, కణత దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, ఆ టీవీ కాస్త తగ్గించండి, రోడ్డు కనపడటం లేదు అంది. అది టీవీ కాదన్నాడు ఆయన. కంపెనీవాళ్ళు అన్నీ చూసుకునే పెట్టారన్నాడు. నీకు వార్డులో నిలబడీ నిలబడీ కళ్ళు అలిసిపోయాయి, ఆదివారం షాపుకి రా, చూస్తానన్నాడు. ఆవిడ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. కానీ క్రమంగా కబుర్లు తగ్గాయి. ఒక చేత్తో తలుపు పైనున్న పిడి పట్టుకుని, కుడి పాదం నేలకేసి నొక్కుతూ, లేని బ్రేకు తొక్కుతూ, కళ్ళు రోడ్డుకి అప్పగించి కూర్చునేది. వార్డులో ఎవరు ఎవరి మీద అలిగారో ఆయనకి తెలియడం మానేసింది.

రోడ్డు కనపడటం లేదన్న సంగతి ఆయనా గమనించాడు. తప్పు ఎవరిదో కూడా వెంటనే తేల్చాడు. ఎదురొచ్చేవాళ్ళ లైట్లు. ఈ మధ్య ప్రతివాడూ సూర్యుణ్ణి బానెట్టుకి బిగించుకుని తిరుగుతున్నాడని షాపులో ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ముందు మెరుపు తగ్గించే పూత వేసిన అద్దాలు చేయించుకున్నాడు. పూత మంచిదే. కానీ అది ఆపేది అద్దం మీది మెరుపుని, మొహం మీది మ్యాపుని కాదు. తర్వాత రాత్రి డ్రైవింగుకి ప్రత్యేకం అని డబ్బా మీద రాసి ఉన్న పసుపు అద్దాలు తెప్పించుకున్నాడు. అవి పెట్టుకుంటే లోకమంతా హాయిగా, వెచ్చగా కనిపించింది. మునుపు కనిపించిన దాంట్లో కూడా కొంత కనిపించడం మానేసింది, ఎందుకంటే చీకట్లో రంగుటద్దం ఉన్న కాస్త వెలుగునీ మింగేస్తుంది. హాయిగా ఉండటం ఒకటీ కనపడటం ఒకటీ అన్న తేడా ఆయన పట్టించుకోలేదు. వాటిని షాపు కిటికీలో వరసగా నిలబెట్టి, నేను వాడుతున్నానండీ అని చెప్పి, వీధిలో బండి ఉన్న సగం మందికి తగిలించాడు.

పగటిపూట ఇంకో విచిత్రం జరిగేది. ఎదురొచ్చే మోటారుసైకిళ్ళ వాళ్ళు ఆయన కారు చూసి చెయ్యెత్తి, వేళ్ళు మూసి తెరిచి, మూసి తెరిచి చూపించేవాళ్ళు. ఊళ్ళో తనని గుర్తుపట్టని కన్ను లేదని ఆయన ఛాతీ పొంగేది. ఆయన కూడా చెయ్యెత్తి వేళ్ళు మూసి తెరిచి చూపించేవాడు.

ఇలా ఉండగా ఒక సాయంత్రం, ఆసుపత్రి దాటాక వచ్చే మలుపులో, ఒకతను ఖాళీ తోపుడు బండి నెట్టుకుంటూ ఇంటికి పోతున్నాడు. బండికి దీపం లేదు. ఆవిడ ఏవండీ అని కేక పెట్టింది. ఆయన బ్రేకు తొక్కాడు. బంపరు బండి చెక్కకి రాసుకుని ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన అద్దం దించి, లైటు లేకుండా రోడ్డెక్కుతారేమిటయ్యా, పైగా ఎదురుగా ఆ బస్సు లైట్లు చూడు ఎలా కొడుతున్నాయో అని అందుకున్నాడు. ఎదురుగా బస్సు లేదు. ఎప్పుడో వెళ్ళిపోయింది. బండి అతను వంగి కారులోకి చూశాడు. ఆయన కళ్ళకున్న పసుపు జోడు చూశాడు. దాని మీద మెరుస్తున్న తెల్ల మ్యాపు చూశాడు.

"లోపల సినిమా ఏదో ఆడుతున్నట్టుంది సారూ. అదయ్యాక రండి, నేను పక్కకి జరుగుతాను," అన్నాడు.

ఆవిడ తలుపు తీసుకుని దిగింది. బండి అతని చేతులూ కాళ్ళూ చూసి, దెబ్బలేమీ లేవని రూఢి చేసుకుని, అతనికి క్షమాపణ చెప్పింది. తర్వాత కారెక్కలేదు. కిటికీ దగ్గరికొచ్చి, గొంతు పెంచకుండా, వార్డులో మందు వేళ చెప్పినట్టు చెప్పింది.

"ఇవాళ్టి నుంచే నేను బస్సులో వస్తాను. మీరు గేటు దగ్గరికి రావద్దు."

"నీకు భయం పట్టుకుంది, అంతే."

"రాత్రంతా మెలకువగా ఉండి యాక్సిడెంటు కేసులకి కట్లు కట్టినదాన్ని. నాకు భయం కాదు, లెక్క తెలుసు. ముందు కళ్ళు చూపించుకోండి. మా కళ్ళ డాక్టరు దగ్గరికి రండి."

కళ్ళు చూపించుకోమన్న మాట జీవితంలో మొదటిసారి ఆయన వైపు తిరిగింది. అప్పటికి ఒక నవ్వు నవ్వి కొట్టిపారేశాడు గానీ, మర్నాడు షాపు మూశాక చార్టు ముందు కూర్చున్నాడు. ఎప్పటిలాగే అట్టడుగు వరస దాకా చదివేశాడు. ఈసారి నిశ్చింతగా అనిపించలేదు. అద్దం ముందు నిలబడి, టార్చి వేసుకుని, కంట్లో శుక్లం మొదలైందేమోనని తన కన్ను తానే వెతుక్కున్నాడు. టార్చి వెలుగుకి నీళ్ళు కారాయి తప్ప ఏమీ కనపడలేదు. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళడమంటే అక్కడ బెంచీ మీద కూర్చోవాలి. ఆ బెంచీ మీద తన ఖాతాదారులు కూర్చుని ఉంటారు. ఏమండీ డాక్టరుగారూ, మీరూ వచ్చారా అంటారు. అంతకన్నా పసుపు జోడు మీద ఇంకో పసుపు జోడు పెట్టుకోవడం నయమనుకున్నాడు.

రావద్దన్నా గేటు దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ కారుని చూసి, ఎవరిదో అన్నట్టు దాటుకుని బస్సు స్టాపుకి పోయింది. ఆయన బస్సు వెనకే వచ్చాడు. బస్సు ఆగినప్పుడు ఆగి, కదిలినప్పుడు కదిలి, ఇంటి మలుపు దాకా వచ్చాడు. ఆవిడ దిగి నడిచింది. ఆయన పక్కనే నెమ్మదిగా నడిపాడు. మొగుడూ పెళ్ళాలు ఒకే దారిలో, ఒకే వేళకి, చెరొక బండిలో రోజూ ఇల్లు చేరుతున్నారని వీధి చివర కిరాణా కొట్టువాళ్ళు గమనించి, ఇంకేదో గొడవ అనుకున్నారు. ఇంట్లో ఆవిడ వడ్డించేది, ఆయన తినేవాడు. కూరలో ఉప్పు ఎక్కువైందన్నా, లేదన్నా జవాబు ఉండేది కాదు. కాసేపటి ప్రయాణంలో ఎంత సంసారం ఉండేదో అది పోయాకే ఆయనకి తెలిసింది.

ఆదివారం మధ్యాహ్నం బావమరిది వచ్చాడు. ఇన్సూరెన్సు ఏజెంటు. పలకరించడానికి వచ్చినా పాలసీ కాగితాలు జేబులో ఉంటాయి. అక్క చెప్పింది, బంపరు గీత కోసం క్లెయిము పెడదాం బావా, ఫోటోలు కావాలి అంటూ కారు చుట్టూ తిరిగాడు. అన్ని వైపుల నుంచీ తీశాక, ఇంజను ఆన్ చెయ్యి, మీటరు రీడింగు కూడా కావాలన్నాడు. ఆయన సీట్లో కూర్చుని స్టార్టు చేశాడు. బావమరిది పక్క సీట్లోకి దూరి, ఫోను గురిపెట్టి, ఆగాడు.

"బావా, ఈ ఎండలో లైట్లు వేసుకున్నావేంటి?"

"నేనెందుకు వేస్తాను?"

"మీటర్లో ఆకుపచ్చ గుర్తు వెలుగుతోంది చూడు. హెడ్‌లైట్లవి."

ఆయన వంగి చూశాడు. వెలుగుతోంది. స్విచ్చు చూశాడు. ఆటోలో ఉంది. కంపెనీ లోపమన్నాడు. బావమరిది ఆ మాట పట్టించుకోలేదు. ఫోటోలో పెట్టెల నీడ ముందు అద్దం మీద పడుతోందని వాటిని ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్ద పెట్టె తీసిన కాసేపటికి ఆకుపచ్చ గుర్తు టక్కున ఆరిపోయింది.

బావమరిది పెట్టెని మళ్ళీ ఆ నల్ల గుండీ మీద బోర్లించాడు. కాస్త ఆగాక గుర్తు వెలిగింది. తీశాడు. ఆరింది. మళ్ళీ పెట్టాడు.

"ఇది వెలుగు చూసే కన్ను బావా. బయట చీకటి పడిందా లేదా అని కారు దీంతో చూసుకుంటుంది. చీకటైతే లైట్లు వేస్తుంది, స్క్రీను తగ్గిస్తుంది. నువ్వు పొద్దున్నే దీని మీద మూత పెట్టేస్తున్నావు. పాపం, కారుకి పగలే చీకటి పడుతోంది."

పగలు స్క్రీను ఎందుకు మసకబారిందో, దాన్ని ఆపడానికి తాను ఏం చేశాడో, ఆ చేసింది రాత్రికి ఏమైందో, మెల్లగా ఒక దాని వెనక ఒకటి వచ్చి ఆయన ఎదురుగా నిలబడ్డాయి. మోటారుసైకిళ్ళ వాళ్ళ వేళ్ళు కూడా గుర్తొచ్చాయి. వాళ్ళు లైట్లు ఆపుకోమని చూపిస్తే తాను తిరిగి అదే చూపించాడు. ఇంతమందికి చూపు దిద్దినవాడు కారు కంటిని మూసేశాడు.

బావమరిదికి ఇంతటి అవకాశం మళ్ళీ రాదు. "ఫోటో తీసుకోనా బావా? పెట్టె మీద నీ షాపు పేరు కూడా ఉంది. క్లెయిములో కారణం అని ఒక గడి ఉంటుంది, అక్కడ అంటిస్తాను."

"ఒరేయ్, నీ పని గీత వరకే. గీత తీసుకుని పో."

"అక్కకి చెప్పొద్దా?"

"నేను చెప్తాను."

చెప్పడం, నేను చెప్తాను అని అన్నంత తేలిక కాలేదు. బావమరిది వెళ్ళాక చాలాసేపు కారులోనే కూర్చున్నాడు. పెట్టెలు గ్లవ్ బాక్సులో పెట్టాడు. సెట్టింగుల్లోకి వెళ్ళి డే తీసి ఆటో పెట్టాడు. మీటర్ల చక్రాన్ని సగానికి తిప్పాడు. స్క్రీను ఎండలో నిక్షేపంగా, తెల్లగా, స్పష్టంగా ఉంది. ఏ సమస్య కోసం షోరూంకి ఫోను చేశాడో ఆ సమస్యే లేదు. సాయంత్రం చీకటి పడేటప్పుడు, ఎవరికీ చెప్పకుండా వచ్చి, స్టార్టు చేసి మళ్ళీ కూర్చున్నాడు. వెలుగు సన్నగిల్లింది. ఆకుపచ్చ గుర్తు వెలిగింది. ఆ వెంటనే స్క్రీను తనంతట తాను నల్లటి రంగులోకి మారింది. కారు తనకన్నా మర్యాదస్థురాలిలా అనిపించింది.

మర్నాడు సాయంత్రం ఆసుపత్రి గేటు దగ్గర, బస్సు స్టాపుకి వెళ్ళే దారిలో కారు నిలిపి, దిగి నిలబడ్డాడు. కళ్ళకి మామూలు జోడే ఉంది. దారిలో వస్తూ ఆయన పలకబోయే వాక్యాలు చాలా తయారుచేసుకున్నాడు. సాంకేతికంగా అని మొదలయ్యేది ఒకటి. కంపెనీవాళ్ళు ముందే చెప్పి ఉంటే అని మొదలయ్యేది ఒకటి. అన్నిట్లోనూ తప్పు ఎవరిదో ఉంది, ఆయనది లేదు. ఆవిడ సంచీ భుజాన వేసుకుని వచ్చి, ఆయన్ని చూసి, ఆగింది. ఇదివరకు ఆగలేదు. బహుశా పసుపు జోడు లేకపోవడం వల్ల కావచ్చు.

"రా. స్క్రీను తగ్గించాను," అన్నాడు.

"ఎందుకు? ఎదుటివాళ్ళ లైట్లు అన్నారుగా?"

"వాళ్ళవి కూడా ఉన్నాయనుకో."

ఆవిడ బస్సు స్టాపు వైపు అడుగేసింది.

"కాదు," అన్నాడు ఆయన. "వాళ్ళవి కాదు. నాదే. ఆ గుండీ మీద కళ్ళజోడు పెట్టె పెట్టాను. దాంతో పగలు తగ్గిపోయింది. అందుకని నేను పెంచాను. రాత్రి కూడా అలాగే ఉండిపోయింది. కళ్ళు బాగానే ఉన్నాయనుకుంటాను. అయినా మీ డాక్టరు దగ్గరికి గురువారం వస్తాను."

ఆవిడ ఆ మాటల్లో సగం అర్థం చేసుకుంది. గుండీ ఏమిటో, పెట్టె ఏమిటో తెలియలేదు. నాదే అన్న మాట మాత్రం స్పష్టంగా వినపడింది. దాన్ని ఇంతవరకూ ఆ గొంతులో వినలేదు కాబట్టి, ఒకసారి మనిషిని ఎగాదిగా చూసి, తలుపు తీసుకుని కూర్చుంది. అంత మాత్రాన నమ్మేసిందని కాదు. కారు కదలనివ్వలేదు. ఇంజను వెయ్యండి, ఇక్కడే ఉండండి, నేను చూస్తానంది.

స్క్రీను నల్లబడింది గానీ వెలుగు ఇంకా ఎక్కువగానే ఉంది. రాత్రికి బ్రైట్‌నెస్ గీత వేరే, పగటిది వేరే అని అప్పుడు తెలిసింది. పగటి గీతని ఎంత జరిపినా రాత్రిది ఎక్కడున్నది అక్కడే ఉంటుంది. దాన్ని చీకట్లోనే, లైట్లు వెలుగుతుండగానే దించుకోవాలి. ఆవిడ సెలైను చుక్కలు సరిచేసినట్టు వేలితో కొంచెం కొంచెంగా దించింది. దించి రోడ్డు చూసింది, మళ్ళీ దించింది, మళ్ళీ చూసింది. అక్షరం చదవడానికి చాలినంత ఉంచి ఆపింది.

"మ్యాపు ఇంకా తెల్లగా ఉందేంటి?"

"కారుది మార్చాను మరి."

"మ్యాపు ఫోనులోంచి వస్తోందిగా. దాని సెట్టింగు దానికి వేరే ఉంటుంది." ఆవిడ ఆయన ఫోను అడిగి తీసుకుని, మ్యాపు సెట్టింగుల్లో వెతికి, అక్కడ కూడా ఆయనే ఎప్పుడో పగలు అని పెట్టుకున్నదాన్ని ఆటోకి మార్చింది. మ్యాపు నల్లబడి, దారి ఒక్క నీలిగీతలా మిగిలింది. పక్క అద్దంలో తేలే నీడ మాయమైంది. అద్దం అవతల ఫుట్‌పాత్ అంచు, దాని మీద విప్పి పెట్టిన ఎవరివో చెప్పులు, గోడకి ఆనించిన సైకిలు, ఒకటి తర్వాత ఒకటి బయటికొచ్చాయి.

"మా వార్డులో దీపాలు తీసేశాక మానిటర్లన్నీ ఇలాగే తగ్గిస్తాం. లేకపోతే మానిటరు బాగా కనపడుతుంది, మంచం మీద మనిషి కనపడడు," అంది ఆవిడ.

"ఈ సంగతి నాకెప్పుడూ చెప్పలేదే?"

"మొదటి వారమే చెప్పాను. ఆదివారం షాపుకి రా, చూస్తానన్నారు."

ఆయన అద్దాలు సరిచేసుకుని, బండి కదిలించాడు. మలుపు దగ్గర వేగం తగ్గించాడు. ముందు గొడుగు పట్టుకున్న ముసలాయన ఒకడు దాటుతున్నాడు. చాలా దూరం నుంచే కనిపించాడు. ఆగి, దాటనిచ్చాడు. ఎదురుగా ఒక లారీ లైట్లు నిజంగానే మొహాన కొట్టాయి. ఆయన చూపు రోడ్డు ఎడమ అంచుకి మళ్ళించుకుని, అది దాటాక మళ్ళీ తెచ్చుకున్నాడు. ఏమీ అనలేదు. అనడానికి నోటిదాకా వచ్చింది.

"ఆ పసుపు జోళ్ళు ఏం చేస్తారు?" అని అడిగింది ఆవిడ.

"కిటికీలోంచి తీసేశాను."

"కొన్నవాళ్ళో?"

"పగలు పెట్టుకోమని చెప్తాను."

ఆవిడ నవ్వలేదు గానీ, పిడి మీది చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కొన్నవాళ్ళందరినీ షాపుకి పిలిచి, రాత్రి పనికిరావని చెప్పి, వేరే జోడు ఇవ్వమంది. అలాగేనన్నాడు. పిలుస్తారా అని మళ్ళీ అడిగింది. పిలుస్తానన్నాడు. అప్పుడు ఆయనకి ధైర్యం వచ్చింది. కంటిపాప వెలుగుకి ఎలా కుంచించుకుపోతుందో, చీకట్లో తిరిగి విచ్చుకోవడానికి ఎంత టైము పడుతుందో, కొత్తగా తానే కనిపెట్టినట్టు వివరించడం మొదలుపెట్టాడు. గొంతు పాత పద్ధతిలోకి వచ్చేసింది. ఈ విషయం ప్రతి కారువాడికీ తెలియాలి, షాపు ముందు ఒక బోర్డు పెడతానన్నాడు.

ఆవిడ వినలేదు. సీట్లో ఆయన వైపు తిరిగి కూర్చుంది. కొన్ని వారాలుగా ఆ దారంతా రోడ్డుకి అప్పగించిన కళ్ళు ఇప్పుడు పూర్తిగా ఆయన మీదే ఉన్నాయి.

"మీ అక్కయ్య మొన్న ఇంటికొచ్చినప్పుడు అందరి ముందూ ఏమందో తెలుసా మీకు?" అంది.

ఆయనకి తెలుసు. అయినా తెలియదన్నాడు. ఇంటి మలుపు ఇంకా దూరంగా ఉంది. ఆయన ఇంకాస్త నెమ్మదిగా నడిపాడు.